అసోసియేట్ కంపెనీలో పెట్టుబడి: కొన్న ధర, ఫెయిర్ వాల్యూ, ఈక్విటీ పద్ధతుల్లో ఏది మేలు?

జీడిమెట్లలో మాత్రలు తయారు చేసే ఒక అన్‌లిస్టెడ్ కంపెనీ, తనకు ముడి రసాయనాలు సరఫరా చేసే పఠాన్‌చెరు కంపెనీలో 25 శాతం వాటాను 2024 ఏప్రిల్ 1న రూ. 12 కోట్లకు కొన్నదనుకుందాం. బోర్డులో ఒక డైరెక్టర్ సీటు కూడా దక్కింది. ఇలా నియంత్రణ లేకపోయినా గణనీయమైన ప్రభావం ఉన్న కంపెనీనే అసోసియేట్ అంటారు. ఇది ఉదాహరణ కోసం నేను కల్పించుకున్న లెక్కే గానీ, మన పారిశ్రామికవాడల్లో ఇలాంటి సంబంధాలు అరుదేమీ కావు. ఈ 12 కోట్లను పుస్తకాల్లో అదే ధర వద్ద ఉంచాలా, ఏటా మార్కెట్ విలువకు మార్చాలా, లేక పఠాన్‌చెరు కంపెనీ లాభనష్టాలను బట్టి పెంచుతూ తగ్గిస్తూ పోవాలా అన్నదే ప్రశ్న.

మూడు దారులూ అన్ని చోట్లా తెరిచి ఉండవన్న సంగతి ముందుగా గమనించాలి. అంతర్జాతీయ ప్రమాణాల ఆధారంగా రూపొందిన మన అకౌంటింగ్ ప్రమాణాలు, అంటే ఇండ్ ఏఎస్, వర్తించే కంపెనీ తన అసోసియేట్ల ఫలితాలనూ కలిపి చూపే కన్సాలిడేటెడ్ ఖాతాల్లో, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఇండ్ ఏఎస్ 28 ప్రకారం ఈక్విటీ పద్ధతినే పాటించాలి. కంపెనీల చట్టంలోని 129(3) సెక్షన్ ప్రకారం అనుబంధ కంపెనీ ఒక్కటీ లేకపోయినా, అసోసియేట్ ఉంటే చాలు, కన్సాలిడేటెడ్ ఖాతాలు తయారు చేయవలసిందే. కంపెనీ సొంత ఫలితాలనే చూపే స్టాండ్‌అలోన్ ఖాతాల్లో మాత్రం ఇండ్ ఏఎస్ 27 కొన్న ధర, ఫెయిర్ వాల్యూ అనే రెండు దారులనే ఇస్తుంది. అంతర్జాతీయ ప్రమాణం స్టాండ్‌అలోన్ ఖాతాల్లోనూ ఈక్విటీ పద్ధతిని అనుమతిస్తుంది గానీ మన ప్రమాణంలో ఆ వెసులుబాటు లేదు. విదేశీ పాఠ్యపుస్తకం చూసి ఎంట్రీలు వేసేవారు తరచుగా పొరపడేది ఇక్కడే.

నిజమైన ఎంపిక ఉన్నది స్టాండ్‌అలోన్ ఖాతాల్లోనే అయినా, మూడు పద్ధతులనూ ఒకే కేసు మీద నడిపి చూస్తే తప్ప ఏ అంకె దేన్ని చెబుతుందో తెలియదు.

కొన్న రోజున పఠాన్‌చెరు కంపెనీ నికర ఆస్తుల పుస్తక విలువ రూ. 32 కోట్లు. దాని యంత్రాల ఫెయిర్ వాల్యూ పుస్తక విలువ కంటే రూ. 4 కోట్లు ఎక్కువని, వాటికి ఇంకా 8 ఏళ్ల ఆయుష్షు ఉందని వాల్యూయర్ తేల్చారు. అంటే ఫెయిర్ వాల్యూ లెక్కన నికర ఆస్తులు రూ. 36 కోట్లు, అందులో మన పావు వంతు రూ. 9 కోట్లు. మనం ఇచ్చినది 12 కోట్లు కాబట్టి మిగిలిన రూ. 3 కోట్లు గుడ్‌విల్. ఈ గుడ్‌విల్ బ్యాలెన్స్ షీట్‌లో విడిగా కనిపించదు. పెట్టుబడి మొత్తంలోనే కలిసి ఉంటుంది, దాన్ని ఏటా కొంత చొప్పున రద్దు చేయకూడదు. లెక్క తేలిగ్గా సాగడానికి డిఫర్డ్ టాక్స్‌ను పక్కన పెట్టాను.

మొదటి ఏడాది పఠాన్‌చెరు కంపెనీకి పన్ను పోను రూ. 8 కోట్ల లాభం వచ్చింది, మన వాటా రూ. 2 కోట్లు. అయితే ఈ రెండు కోట్లను నేరుగా రాసేయకూడదు. యంత్రాలకు మనం 4 కోట్లు ఎక్కువ విలువ కట్టి కొన్నాం కాబట్టి ఆ అదనపు విలువపై ఏడాదికి రూ. 50 లక్షల తరుగుదల పడుతుంది. అది వాళ్ల పుస్తకాల్లో ఉండదు, మన లెక్కలో దాని పావు వంతు, రూ. 12.5 లక్షలు తీసివేయాలి. ఆ పైన, వాళ్లు మనకు అమ్మిన రసాయనాల్లో కొంత సరుకు ఏడాది చివర మన గోదాములోనే ఉండిపోయింది, దానిలో వాళ్ల లాభం రూ. 40 లక్షలు. బయటివారికి ఇంకా అమ్ముడుపోని సరుకు మీద లాభాన్ని మనం ఆర్జించినట్టు చూపకూడదు కాబట్టి మన వాటా మేరకు రూ. 10 లక్షలు తగ్గించాలి. చివరికి లాభంలో వాటాగా నిలిచేది రూ. 177.5 లక్షలు. అసోసియేట్‌లో పెట్టుబడి ఖాతాకు ఈ మొత్తాన్ని డెబిట్ చేసి, లాభంలో వాటా ఖాతాకు క్రెడిట్ చేస్తాము.

ఆ ఏడాదే ఆ కంపెనీ రూ. 2 కోట్ల డివిడెండ్ ఇచ్చింది, మనకు రూ. 50 లక్షలు అందాయి. ఈక్విటీ పద్ధతిలో ఇది ఆదాయం కాదు. ఆ లాభాన్ని వాటా రూపంలో ఇప్పటికే చూపించాం కాబట్టి, బ్యాంకుకు డెబిట్, పెట్టుబడికి క్రెడిట్. ఏడాది చివర పెట్టుబడి విలువ 1,200కు 177.5 కలిపి 50 తీసివేయగా రూ. 1,327.5 లక్షలు.

రెండో ఏడాది ఆ కంపెనీకి రూ. 6 కోట్ల నష్టం వచ్చింది, డివిడెండ్ లేదు. మన వాటా నష్టం 150 లక్షలు, అదనపు తరుగుదల 12.5 లక్షలు, నిరుటి సరుకు ఈ ఏడాది అమ్ముడుపోయింది కాబట్టి అప్పుడు ఆపిన 10 లక్షలు తిరిగి కలుస్తాయి. నికరంగా రూ. 152.5 లక్షల నష్టం, పెట్టుబడి విలువ రూ. 1,175 లక్షలకు దిగుతుంది. ఫెయిర్ వాల్యూ పద్ధతి కోసం వాల్యూయర్ మొదటి ఏడాది చివర రూ. 1,380 లక్షలు, రెండో ఏడాది చివర రూ. 1,250 లక్షలు కట్టారనుకుందాం. ఇప్పుడు మూడింటినీ పక్కపక్కన చూద్దాం.

| రూ. లక్షల్లో | కొన్న ధర | ఫెయిర్ వాల్యూ | ఈక్విటీ పద్ధతి |
|---|---|---|---|
| మొదటి ఏడాది లాభనష్టాల్లో | 50 | 230 | 177.5 |
| మొదటి ఏడాది చివర పెట్టుబడి | 1,200 | 1,380 | 1,327.5 |
| రెండో ఏడాది లాభనష్టాల్లో | 0 | −130 | −152.5 |
| రెండో ఏడాది చివర పెట్టుబడి | 1,200 | 1,250 | 1,175 |

నగదు మాత్రం మూడింటిలోనూ ఒక్కటే: మొదటి ఏడాది 50 లక్షలు, రెండో ఏడాది సున్నా.

కొన్న ధర పద్ధతి పట్టికలో అన్నిటికంటే ప్రశాంతంగా కనిపిస్తుంది, దాని లోపమూ అదే. పఠాన్‌చెరు కంపెనీ ఆరు కోట్లు పోగొట్టుకున్నా మన స్టాండ్‌అలోన్ ఖాతాల్లో అంకె కదలలేదు. ఆ నష్టం కనిపించాలంటే ఇండ్ ఏఎస్ 36 ప్రకారం ఇంపెయిర్‌మెంట్ పరీక్ష, అంటే ఆస్తి విలువ పుస్తకాల్లో ఉన్నదానికంటే పడిపోయిందేమో చూసే పరీక్ష, జరగాలి, అందుకు సూచనలు ఉన్నాయని ఎవరో ఒకరు ఒప్పుకోవాలి. ఇక్కడ ఒక తేలికైన గుర్తు ఉంది. స్టాండ్‌అలోన్‌లోని 1,200 లక్షలు కన్సాలిడేటెడ్‌లోని 1,175 లక్షలను దాటిపోయిన రోజున ఆ పరీక్ష గురించి అడగవలసిన సమయం వచ్చినట్టే. అయినా స్టాండ్‌అలోన్ ఖాతాలకు నేను ఈ పద్ధతినే ఎంచుకుంటాను. మన కంపెనీ పంచగల డివిడెండ్‌కు ఆధారం స్టాండ్‌అలోన్ లాభమే. కొన్న ధర పద్ధతిలో ఆ లాభంలోకి మనకు హక్కుగా వచ్చిన డివిడెండ్ మాత్రమే చేరుతుంది.

ఫెయిర్ వాల్యూకు ఆ సుగుణం లేదు. 123 సెక్షన్ ప్రకారం డివిడెండ్ పంచడానికి లాభాన్ని లెక్కించేటప్పుడు ఫెయిర్ వాల్యూ వల్ల వచ్చిన మార్పును మినహాయించాలి. మొదటి ఏడాది చూపిన 230లో 180 లక్షలు అలా పక్కకు పోతాయి. అదీ కాక, లిస్ట్ కాని కంపెనీలో పావు వంతు వాటాకు మార్కెట్ ధర ఉండదు. వాల్యూయర్ ఎంచుకున్న డిస్కౌంట్ రేటు ఒక శాతం అటూ ఇటూ అయితే విలువ చెప్పుకోదగ్గంతగా మారిపోతుంది. షేర్లు ఎక్స్ఛేంజీలో ఉండి, నాలుగైదేళ్లలో అమ్ముకునే ఆలోచన ఉన్నప్పుడు ఈ పద్ధతికి అర్థముంది. మన జీడిమెట్ల కంపెనీ ముడి సరుకు భద్రత కోసం కొన్నది, అమ్ముకోవడానికి కాదు.

యాజమాన్యం చేసిన పని ఫలితం ఎలా ఉందో తెలుసుకోవడానికి మూడింటిలోనూ ఈక్విటీ పద్ధతే మేలని నా దృఢమైన అభిప్రాయం, ఎందుకంటే లాభం వచ్చిన ఏడాదే లాభం, నష్టం వచ్చిన ఏడాదే నష్టం కనిపిస్తాయి. డివిడెండ్ ఎప్పుడు ప్రకటించాలన్న నిర్ణయంతో మన ఫలితాలు మారవు. అయితే దీన్ని చదవడంలో రెండు జాగ్రత్తలు తప్పవు. మొదటిది, ఆ 177.5 లక్షలు నగదు కాదు. అప్పు తీర్చే సామర్థ్యాన్ని లెక్కించే బ్యాంకు అధికారి ఈ వాటాను తీసివేసి, చేతికొచ్చిన 50 లక్షలనే కలుపుకోవాలి. రెండోది, వాటా అన్నది పఠాన్‌చెరు కంపెనీ పన్ను కట్టిన తర్వాతి మొత్తం, కానీ మన లాభనష్టాల పట్టికలో అది పన్నుకు ముందు వరుసలో వస్తుంది. అందువల్ల వాటా లాభంగా ఉన్న ఏడాది మన పన్ను శాతం నిజంగా ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది.

నష్టాలు కొనసాగి పెట్టుబడి సున్నాకు చేరితే, హామీలాంటి బాధ్యత ఏదీ మన మీద లేనంత వరకు అక్కడితో ఆగాలి. దీర్ఘకాలిక అప్పు ఇచ్చి ఉంటే మాత్రం మిగిలిన నష్టం దాని మీదికి వస్తుంది. ఇండ్ ఏఎస్ వర్తించని చిన్న కంపెనీలు పాత ప్రమాణమైన ఏఎస్ 23 కింద గుడ్‌విల్‌ను పుస్తక విలువ నుంచే లెక్కిస్తాయి. అప్పుడు మన కేసులో గుడ్‌విల్ 4 కోట్లవుతుంది, అదనపు తరుగుదల ఉండదు.

వాటా 20 శాతం కంటే తక్కువ పెట్టుకుని ఈక్విటీ పద్ధతిని తప్పించుకోవచ్చా అన్న ప్రశ్న కూడా వస్తుంటుంది. ఇండ్ ఏఎస్ 28లో 20 శాతం ఒక ఊహ మాత్రమే. 18 శాతమే ఉన్నా బోర్డు సీటు, ముఖ్యమైన లావాదేవీలు, సాంకేతిక సమాచార మార్పిడి వంటివి ఉంటే గణనీయమైన ప్రభావం ఉన్నట్టు తేలవచ్చు. మన కేసులో సీటూ ఉంది, సరుకు కొనుగోలూ ఉంది. 18 శాతానికి తగ్గించినా అసోసియేట్ కాదని వాదించడం కష్టం.

ఈక్విటీ పద్ధతిలో పని సరిగ్గా జరిగిందో లేదో చూడటానికి ఒక తనిఖీ చాలు. మొదటి ఏడాది చివర పఠాన్‌చెరు కంపెనీ పుస్తక నికర ఆస్తులు 32కు 8 కలిపి 2 తీయగా రూ. 38 కోట్లు, యంత్రాల అదనపు విలువలో మిగిలినది 3.5 కోట్లు, మొత్తం 41.5 కోట్లు. అందులో పావు వంతు 1,037.5 లక్షలకు గుడ్‌విల్ 300 కలిపి, గోదాములోని లాభం 10 తీస్తే 1,327.5 వస్తుంది. రెండో ఏడాది చివర 32, 3 కలిపి 35 కోట్లు, దాని పావు 875 లక్షలకు 300 కలిపితే 1,175. ఈ రెండు వైపులా కలవకపోతే ఆ తేడానే తప్పు ఎక్కడుందో చెబుతుంది: సరిగ్గా 50 లక్షలు ఎక్కువగా ఉంటే డివిడెండ్‌ను మళ్లీ ఆదాయంగా రాశారు, 12.5 లక్షలు ఎక్కువగా ఉంటే అదనపు తరుగుదల మరిచారు, 10 లక్షలైతే గోదాములోని సరుకును ఎవరూ అడగలేదు.