రద్దు చేసుకున్న విమాన టికెట్టు: పన్నులు, రుసుములు తిరిగి కోరే లేఖపై సమీక్ష

విశాఖపట్నంలో ఉంటూ మా ఇంటివారందరి టికెట్లు నేనే చూస్తున్నందువల్ల, ప్రయాణం రద్దయినప్పుడు విమాన సంస్థకు లేఖ రాసి, వాడని పన్నులు, రుసుములు తిరిగి కోరే పద్ధతిని కొన్నేళ్లుగా అనుసరిస్తున్నాను. లేఖను సరిగ్గా రాస్తే ఇది నమ్మదగిన మార్గమే.

మా అత్తయ్యగారు హైదరాబాదు నుంచి విశాఖకు రావలసిన టికెట్టునే తీసుకోండి. అది చౌక ధర టికెట్టు కావడంతో, రద్దు చేయగానే రీఫండు సున్నా అని తెరపై కనిపించింది. అయితే ధర వివరాలలో మూల ఛార్జీ, ఇంధన సర్‌చార్జీ కాకుండా విమానాశ్రయ వినియోగదారుల అభివృద్ధి రుసుము (యూడీఎఫ్), విమానయాన భద్రతా రుసుము (ఏఎస్ఎఫ్) వేరుగా ఉన్నాయి. రెండూ కలిపి వెయ్యి రూపాయలు దాటాయి. దేశంలో పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నిబంధనల ప్రకారం రద్దు ఛార్జీ మూల ఛార్జీ, ఇంధన సర్‌చార్జీల మొత్తాన్ని మించరాదు. టికెట్టు రద్దయినా, ప్రయాణికుడు విమానం ఎక్కకపోయినా, మూల ఛార్జీ తిరిగి రాని ప్రత్యేక ధర టికెట్టే అయినా, ప్రభుత్వ పన్నులను, ఈ రుసుములను తిరిగి ఇవ్వవలసిందే.

అందుచేత లేఖలో "నా డబ్బు తిరిగి ఇవ్వండి" అని మాత్రమే రాయకూడదు. అలా రాస్తే, ఈ టికెట్టుకు రీఫండు లేదనే ముందే సిద్ధం చేసిన జవాబు వస్తుంది. బుకింగును గుర్తించే ఆరు అక్షరాల పీఎన్ఆర్, టికెట్టుపై ఉన్నట్టే ప్రయాణికురాలి పేరు, ప్రయాణ తేదీ, రద్దు చేసిన తేదీ ఇచ్చి, ఆపైన "ఈ పీఎన్ఆర్‌పై వసూలు చేసిన యూడీఎఫ్ ఇంత, ఏఎస్ఎఫ్ ఇంత, ప్రయాణం జరగలేదు కనుక వీటిని చెల్లించిన కార్డుకే జమ చేయగలరు" అని పద్దులవారీగా అడిగాను. మొదటి జవాబులో ఆ డబ్బును క్రెడిట్ షెల్‌లో, అంటే తరువాతి టికెట్లకు వాడుకునేలా తమ దగ్గరే జమగా ఉంచుతామన్నారు. దానికి ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం ప్రయాణికుల ఇష్టమని అదే మెయిల్‌కు బదులు రాయగా, డబ్బు కార్డులో పడింది.

చిక్కంతా ఏజెంటు ద్వారా కొన్నప్పుడే. ఏజెంటు ఇచ్చే పొడవైన బుకింగ్ సంఖ్యను ఉదహరిస్తే విమాన సంస్థ దగ్గర టికెట్టు వివరాలు దొరకవు; ఈ-టికెట్టులో ఎయిర్‌లైన్ పీఎన్ఆర్ అని వేరుగా ముద్రించినదే రాయాలి. ఏజెంటును అడగమని తిప్పి పంపితే, ఏజెంటు విమాన సంస్థ ప్రతినిధే కనుక రీఫండు బాధ్యత సంస్థదేనని డీజీసీఏ నిబంధనలే చెబుతున్నాయని గుర్తు చేసి, లేఖ ప్రతిని ఏజెంటుకూ పంపుతాను.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. ఆన్‌లైన్ కన్వీనియెన్స్ ఫీజు నాకు ఎప్పుడూ తిరిగి రాలేదు. రానూపోనూ టికెట్టులో వెళ్లే ప్రయాణం పూర్తయితే, వాడని తిరుగు ప్రయాణపు రుసుములే అడగాలి. విదేశీ విమాన సంస్థలు తమ దేశపు నియమాలనే పాటిస్తాయి. దేశీయ సంస్థ జవాబివ్వకపోతే, ముందుగా ఫిర్యాదులు చూసే దాని నోడల్ అధికారికి రాసి, ఆ తరువాత పౌర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవా పోర్టల్‌లో, పాత మెయిళ్లన్నీ జతపరచి, అదే పీఎన్ఆర్‌తో ఫిర్యాదు నమోదు చేయాలి.