‘లవణీకరణ’ అనాలా, ‘ఉప్పగా మారాయి’ అనాలా?

నెల్లూరు తీరం మీద థీసిస్ రాస్తున్న మా చెల్లెలి వాక్యం ఇది: ‘రొయ్యల చెరువుల ఉప్పునీటి విడుదల భూగర్భజల లవణీకరణకు దారితీసింది.’

నేను విప్పి రాసింది: ‘రొయ్యల చెరువుల యజమానులు ఉప్పునీటిని కాలువలోకి వదిలారు. అది భూమిలోకి ఇంకింది. బావుల నీళ్లు ఉప్పగా మారాయి.’

మొదటిది పొట్టి. జరిగినదానికి పేరు దొరికింది కాబట్టి తర్వాతి వాక్యాన్ని ‘ఈ లవణీకరణ’ అని మొదలుపెట్టొచ్చు. ఆ సుఖం రెండోదాంట్లో లేదు.

కానీ వదిలిందెవరు, ఎక్కడికి? ‘విడుదల’ అన్నాక అవేవీ చెప్పకపోయినా వాక్యం నిండుగానే కనిపిస్తుంది. చదివేవాళ్లే ఊహించుకోవాలి. ‘వదిలారు’ అనగానే మాత్రం ‘ఎవరు?’ అని మనసు అడుగుతుంది. మన ‘-అడం’ మధ్యేమార్గం: ‘యజమానులు నీటిని వదలడం’ నామమే అయినా కర్త, కర్మ రెండూ నిలుస్తాయి.

ముందు క్రియతో చెప్పి, ఆ తర్వాతే ‘లవణీకరణ’ వాడమన్నాను.