రెండు తెరల మధ్య గోడ: 14 నెలల అనుభవం

27 అంగుళాల 4కే మానిటర్ పక్కన పాత 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌ను పెట్టుకొని, విండోస్ 11 ల్యాప్‌టాప్‌ను మూత వేసి ఓ మూలకు నెట్టి పనిచేయడం మొదలుపెట్టి 14 నెలలైంది. ప్రూఫులు దిద్దడం నా వృత్తి కాబట్టి, ఒత్తులూ గుడిదీర్ఘాలూ స్పష్టంగా కనిపించే 4కే తెర మీద నాకు ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదంతా రెండు తెరల మధ్య ఉన్న కంటికి కనిపించని గోడ గురించే.

బల్ల మీద రెండు తెరల ఎత్తులో తేడా సుమారు నాలుగు సెంటీమీటర్లే. Settingsలోని Display పేజీలో మాత్రం పెద్ద తెరను చూపే పెట్టె చిన్నదానికి రెట్టింపు ఎత్తు ఉంటుంది, ఎందుకంటే విండోస్ అక్కడ లెక్కించేది సెంటీమీటర్లను కాదు, 2160, 1080 అనే పిక్సెళ్లను. కింది అంచులు కలిపి పేరిస్తే, పెద్ద తెర పై సగంలో ఉన్న మౌస్ పక్కకు కదలక అంచుకు కొట్టుకొని ఆగిపోయేది. Multiple displays కింద ఉన్న Ease cursor movement between displays అన్న గడిలో టిక్కు పెట్టాక అది దాటుతోంది కానీ, నేను అనుకున్న ఎత్తులో కాకుండా చిన్న తెర పైఅంచున తేలుతోంది.

అసలు విసుగు మూతతో వచ్చింది. Control Panelలోని Power Optionsలో, ఛార్జర్ ఉన్నప్పుడు మూత వేస్తే Do nothing అని పెట్టి, మూత తెరిచే ఉంచి పెట్టెలను పది నిమిషాలు ఓపికగా సర్దాను. మూత వేయగానే ఎడమ తెర కుడికి, టాస్క్‌బార్ చిన్న తెరకు వెళ్లిపోయాయి. కేబుల్ మార్చాను, డ్రైవర్ మళ్లీ వేశాను, లాభం లేకపోయింది. ల్యాప్‌టాప్ తెరతో కలిపి మూడు తెరల అమరిక, మూత వేశాక మిగిలే రెండు తెరల అమరిక విండోస్ దృష్టిలో వేర్వేరని, దేనికది విడిగా గుర్తుంచుకుంటుందని నాకు మూడో రోజున గాని తట్టలేదు. మూత వేసిన తర్వాత మరోసారి సర్దితే అది నిలిచిపోయింది.

స్కేలింగ్ విషయంలో విండోస్ సూచించిన 150 శాతం నాకు కుదరలేదు, పెద్ద తెర మీద అక్షరం చిన్నదిగా కనిపించేది. అంగుళానికి పెద్ద తెరలో 163, చిన్న తెరలో 92 పిక్సెళ్లు ఉన్నాయి కనుక, పెద్దదానికి 175, చిన్నదానికి 100 శాతం పెట్టగానే ఒకే పేజీ రెండింటిలోనూ దాదాపు ఒకే పరిమాణంలో కనిపించింది. అయితే 175 శాతంలో 4కే తెర ఇచ్చే చోటు సుమారు 2194, 1234 పిక్సెళ్ల తెర ఇచ్చేంతే, అంటే నేను డబ్బు పెట్టింది స్పష్టతకే గాని జాగాకు కాదు. పైగా ఒక పాత పేజ్‌మేకింగ్ సాఫ్ట్‌వేర్ పెద్ద తెర మీదకు జరపగానే మసకబారుతుంది, అందుకే అది చిన్న తెరకే పరిమితం.

రోజంతా ఒకే బల్ల దగ్గర కూర్చొనే నాకు ఈ ఏర్పాటు సరిపోయింది. మూత మూసి ఉంటే వేలిముద్ర మీట అందదు, పాస్‌వర్డ్ బయటి కీబోర్డుతోనే కొట్టాలి. ల్యాప్‌టాప్‌ను రోజూ ఇంటికి, ఆఫీసుకు మోసేవారికి ఇదే మాట చెప్పలేను.