ఆగిపోయిన బిల్లు: మళ్లీ మళ్లీ పంపుతూ ఉండటమా, గడువు దాటితే మనిషికి చెప్పడమా?

పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు వ్యాపారుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూసుకునే పని నాది. టర్నోవర్ 5 కోట్లు దాటిన వ్యాపారి మరో వ్యాపారికి అమ్మిన ప్రతి బిల్లునూ ప్రభుత్వ ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్‌కు పంపి, ఐఆర్ఎన్ అనే గుర్తింపు సంఖ్య తెచ్చుకోవాలి. పోర్టల్ ఒక్కోసారి పలకదు, ఒక్కోసారి బిల్లును తిప్పి పంపుతుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్ ఏం చేయాలి? మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. వాటిలో ఏది మేలో ఒక బిల్లును పట్టుకుని చూద్దాం.

ఏప్రిల్ 1 సాయంత్రం హైదరాబాద్ పార్టీకి డబ్ల్యూ320 రకం పప్పు డబ్బాల బిల్లు చేశారనుకుందాం. పార్టీ వివరాల్లో గుమాస్తా హైదరాబాద్ పిన్‌కోడ్‌కు బదులు పలాస పిన్‌కోడ్ కొట్టాడు. రాష్ట్రం తెలంగాణ, పిన్‌కోడ్ ఆంధ్రప్రదేశ్‌ది. రెండూ పొసగడం లేదని పోర్టల్ ఆ బిల్లును తిరస్కరిస్తుంది. గుమాస్తాకు తెలిస్తే రెండు నిమిషాల్లో సరిదిద్దే తప్పు ఇది.

మొదటి పద్ధతి, ఎవరికీ చెప్పకుండా గంటకోసారి పంపుతూ పోవడం. పోర్టల్ ఎప్పుడో ఒకప్పుడు పలుకుతుందిలే అన్న నమ్మకంతో రాసిన ప్రోగ్రాం ఇది. అర్ధరాత్రి పోర్టల్ ఓ అరగంట ఆగినప్పుడు ఇంతకంటే హాయి లేదు, ఎవరి నిద్రా చెడదు. కానీ పిన్‌కోడ్ తప్పు ఎన్నిసార్లు పంపినా తప్పే. తెరమీద మాత్రం ఆ బిల్లు పక్కన ‘పెండింగ్’ అన్న మాట రోజూ ఒకేలా ఉంటుంది. నిన్నటి పెండింగ్‌కూ, మూడు వారాల నాటి పెండింగ్‌కూ తేడా కనిపించదు.

2025 ఏప్రిల్ 1 నుంచి, టర్నోవర్ 10 కోట్లు ఆపైన ఉన్నవారి బిల్లును దాని తేదీ నుంచి 30 రోజుల్లోపే పోర్టల్ స్వీకరిస్తుంది. మన వ్యాపారి ఆ కోవలోని వాడైతే, ఏప్రిల్ 1 నాటి బిల్లుకు ఏప్రిల్ 30 ఆఖరు. ఈలోగా మన ప్రోగ్రాం సుమారు 700 సార్లు అదే బిల్లును పంపి, అదే తిరస్కారం అందుకుంటుంది. మే 11లోగా వేయవలసిన అమ్మకాల రిటర్న్, జీఎస్టీఆర్-1 కోసం అకౌంటెంట్ లెక్కలు కలిపేటప్పుడు బిల్లు బయటపడుతుంది. అప్పటికి దారి మూసుకుపోయింది. ఐఆర్ఎన్ తప్పనిసరి అయినవారి బిల్లు అది లేకుండా ఉంటే చట్టం దృష్టిలో బిల్లే కాదు. కొన్న పార్టీ తాను కట్టిన పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ రాలేదని డబ్బు ఆపితే కాదనలేం.

రెండో పద్ధతి, ప్రయత్నాలకు ఒక లెక్క పెట్టడం. పదిసార్లు విఫలమైతే బిల్లును పక్కన పెట్టి గుమాస్తాకు చెప్పాలి. మొదటిదానికంటే ఎంతో నయం, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నాకు మాత్రం రెండు అభ్యంతరాలు ఉన్నాయి.

ఒకటి, పది అనే అంకె నిజానికి ఎంత కాలమో ఎవరూ లెక్కవేయరు. ఒక నిమిషం ఆగి, తరువాత రెండు, నాలుగు, ఎనిమిది ఇలా రెట్టింపు చేస్తూ పోతే పది విరామాలు కలిపి 1,023 నిమిషాలు, అంటే 17 గంటలు. అదే ప్రోగ్రాంను ఎవరో నిమిషానికోసారి పంపేలా మారిస్తే పది నిమిషాల్లోనే చేతులెత్తేస్తుంది. పోర్టల్ పావుగంట ఆగినా బిల్లులన్నీ పక్కకు చేరతాయి. అంకె మారలేదు, దాని అర్థం మాత్రం తలకిందులైంది.

రెండోది ఇంకా చేటు. పంపే ప్రోగ్రామే ఆగిపోతే ప్రయత్నాల లెక్క పెరగదు. కంప్యూటర్ రీస్టార్ట్ అయి ప్రోగ్రాం మళ్లీ మొదలు కాలేదనుకోండి, బిల్లులన్నీ సున్నా ప్రయత్నాలతో కూర్చుంటాయి. హద్దు దాటేది లేదు, కబురు అందేదీ లేదు.

అందుకే నా ఓటు మూడో పద్ధతికి: బిల్లు వయసును బట్టి హెచ్చరించడం. ప్రయత్నాలు వాటి మానాన నడుస్తాయి. పంపే ప్రోగ్రాంతో సంబంధం లేని మరో చిన్న ప్రోగ్రాం పది నిమిషాలకోసారి, పంపాల్సిన బిల్లులు ఉండే `outbox` పట్టికను చూస్తుంది, వీలైతే వేరే కంప్యూటర్ మీద నుంచి:

```sql
SELECT bill_no, created_at, last_error
FROM outbox
WHERE status = 'PENDING'
  AND created_at < now() - interval '2 hours'
  AND level < 1
ORDER BY created_at;
```

ఇందులో `created_at` అన్న మాట దగ్గర జాగ్రత్త. ప్రతి ప్రయత్నానికీ మారే `updated_at` పెడితే బిల్లు గంటకోసారి కొత్తగా పుట్టినట్టే లెక్క, ఎప్పటికీ రెండు గంటల వయసుకు రాదు. గుమాస్తా సవరించి మళ్లీ పంపినా పుట్టిన సమయం మారకూడదు. `level` అంటే ఆ బిల్లు గురించి ఇప్పటికి ఎన్ని మెట్ల కబురు వెళ్లిందన్న లెక్క, కబురు పంపాక దాన్ని ఒకటి పెంచాలి, లేకపోతే అదే మాట పది నిమిషాలకోసారి మోగుతుంది.

హద్దులను గాలిలోంచి తీయకూడదు, గడువు నుంచి వెనక్కి లెక్కించుకోవాలి. లారీ బయలుదేరేలోపు తెలియాలి కాబట్టి మొదటి హద్దు రెండు గంటలు, కబురు గుమాస్తాకు. 24 గంటలు దాటితే అకౌంటెంట్‌కు. ఏడు రోజులు దాటితే షావుకారుకు. అప్పటికీ మూడు వారాలకు పైగా చేతిలో ఉంటాయి, పార్టీతో మాట్లాడటానికైనా, బిల్లు మార్చడానికైనా చాలు. మన ఏప్రిల్ 1 బిల్లు ఈ పద్ధతిలో ఆ సాయంత్రమే గుమాస్తా ఫోనుకు చేరుతుంది, పోర్టల్ చెప్పిన కారణంతో సహా. కారణం లేకుండా ‘బిల్లు ఆగింది’ అని మాత్రమే పంపితే అతను చేయగలిగింది ఏమీ లేదు.

ఈ పద్ధతికీ చిక్కులు ఉన్నాయి. పోర్టల్ మూడు గంటలు ఆగితే రోజు బిల్లులన్నీ ఒక్కసారే హద్దు దాటతాయి. బిల్లుకో మెసేజ్ వెళితే గుమాస్తా మరునాటి నుంచి దేన్నీ చదవడు. ఒకే కారణంతో ఆగినవన్నీ కలిపి ఒక్క మెసేజ్‌గా పంపాలి, అది కూడా గుమాస్తాకు కాదు, సాఫ్ట్‌వేర్ చూసుకునే మాలాంటివాళ్లకు. పోర్టల్ ఆగితే అతను మాత్రం ఏం చేస్తాడు?

ఇంకో రకం ఉంది, అది అసలు మనిషి దాకా రానక్కరలేదు. బిల్లు పోర్టల్‌కు చేరి ఐఆర్ఎన్ పుట్టింది, జవాబు వచ్చే దారిలో నెట్ తెగింది. మళ్లీ పంపితే పోర్టల్ 2150 అనే కోడ్‌తో ఇది ఇప్పటికే నమోదైందంటుంది. దీన్ని తిరస్కారంగా చదివే ప్రోగ్రాంలు చూశాను. ఆ జవాబులోనే పాత ఐఆర్ఎన్ ఉంటుంది. దాన్ని తీసుకుని బిల్లును పూర్తయినట్టు రాసుకుంటే సరి. అలా రాసుకోని చోట గుమాస్తా అదే సరుకుకు కొత్త నంబరుతో రెండో బిల్లు చేస్తాడు, పాతదాన్ని పోర్టల్‌లో రద్దు చేయడానికి ఉన్నది 24 గంటలే.

మొదటి పద్ధతిని పూర్తిగా పారేయమని అనను. సరుకు బయలుదేరిందని పార్టీకి వెళ్లే ఎస్ఎంఎస్ లాంటివి గడువు లేనివి, పోయినా నష్టం లేనివి. వాటిని చెప్పకుండా మళ్లీ పంపుతూ ఉండొచ్చు. అయినా ఒక రోజు తరువాత ఆపేయడం మంచిది, సరుకు చేరాక ‘మీ సరుకు బయలుదేరింది’ అని మెసేజ్ వస్తే పార్టీ రెండో లారీ కోసం ఎదురుచూస్తాడు.