రాబడి లెక్కకు ఏది మేలు: బిందు వ్యాకోచత్వమా, చాప వ్యాకోచత్వమా?

హాస్టళ్ల వీధిలో ఒక కర్రీ పాయింట్ ఉందనుకుందాం. పప్పు పాకెట్ 20 రూపాయలైతే రోజుకు 160 అమ్ముడవుతాయి, 40 రూపాయలైతే 80. ఆ రెండింటి మధ్య డిమాండ్ సరళరేఖ అనుకుంటే, ధర P, అమ్మకం Q అయితే సమీకరణం Q = 240 − 4P.

మామూలు శాతాలతో మొదలుపెడితే చిక్కొస్తుంది. ధర 20 నుంచి 40కి పెంచితే పెరుగుదల 100 శాతం, అమ్మకాల తగ్గుదల 50 శాతం. అమ్మకాల శాతాన్ని ధర శాతంతో భాగిస్తే వచ్చేదే వ్యాకోచత్వం, ఇక్కడ 0.5. అదే 40 నుంచి 20కి దించితే 2 వస్తుంది. అవే ధరలు, అవే పాకెట్లు, జవాబులు మాత్రం రెండు. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

చాప పద్ధతి ఈ గొడవ తీరుస్తుంది. సగటు ధర 30, సగటు అమ్మకం 120. పరిమాణంలో మార్పు 80/120, ధరలో మార్పు 20/30. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఎటు నుంచి చూసినా 1. ఇప్పుడు రాబడి చూడండి: 20 × 160 = 3,200, 40 × 80 కూడా 3,200. ఇది కాకతాళీయం కాదు. రాబడిలో మార్పు అంటే సగటు ధరను పరిమాణంలో మార్పుతోనూ, సగటు పరిమాణాన్ని ధరలో మార్పుతోనూ గుణించి కలపడమే: 30 × (−80) + 120 × 20 = 0. ఇందులో ఉజ్జాయింపు ఏమీ లేదు. అందుకే ధర పెంచినప్పుడు చాప వ్యాకోచత్వం 1 కంటే తక్కువైతే రాబడి పెరిగినట్టే, ఎక్కువైతే తగ్గినట్టే.

అయితే ఆ 1 చూసి ‘ధర ఎంతున్నా ఒకటే’ అనుకుంటే మోసపోతాం. 30 రూపాయలకు 120 పాకెట్లు పోతాయి, రాబడి 3,600. మధ్యలో ఉన్న ఆ శిఖరం చాప పద్ధతికి కనిపించదు. ఒక్కో ధర దగ్గర విడిగా లెక్కించే బిందు పద్ధతికి కనిపిస్తుంది. ఇక్కడ దాని సూత్రం 4P/Q: ధర 20 దగ్గర 0.5, 30 దగ్గర 1, 40 దగ్గర 2. అంటే 30 వరకు పెంచుకుంటూ పోవచ్చు, ఆపైన ఆగాలి.

బిందు పద్ధతికీ ఒక హద్దుంది. 20 దగ్గరి 0.5ని బట్టి రూపాయి పెంచితే రాబడి 160 × (1 − 0.5) = 80 పెరగాలి. నిజంగా పెరిగేది 76, దాదాపు సరిపోయింది. అదే లెక్కతో 20 రూపాయలు పెంచితే 1,600 రావాలి. వచ్చేది సున్నా.

కాబట్టి చేతిలో ఉన్నవి రెండు ధరలు, రెండు అమ్మకాలే అయితే నేను చాప పద్ధతినే నమ్ముతాను. రూపాయో రెండో మార్చాలనుకుంటే, రేఖ కూడా తెలిస్తే, బిందు పద్ధతి మేలు.

కానీ సంక్రాంతికి హాస్టల్ పిల్లలు ఊళ్లకు వెళ్లిన వారంలో ధర పెంచితే రెండు లెక్కలూ పనికిరావు. అప్పుడు డిమాండ్ రేఖే పక్కకు జరిగింది. ధర మార్చని పక్క కొట్లో కూడా అమ్మకాలు పడిపోయాయేమో అడిగితే తెలిసిపోతుంది. తగ్గుదల మన ధర వల్లే అయితే అక్కడ గిరాకీ పెరగాలి గానీ తగ్గకూడదు.