మిడజోలామా, హాలోపెరిడాల్–ఫెనార్గాన్ జోడీయా: క్యాజువాల్టీలో ఏది మేలు?

నైట్ డ్యూటీలో కొత్తగా చేరిన డాక్టర్లందరూ అడిగే ప్రశ్న ఇది. నలుగురు పట్టుకున్నా ఆగని పేషెంట్‌కి కండలోకి ఏది ఇవ్వాలి? ఏది త్వరగా పనిచేస్తుందో తెలిస్తే చాలనుకుంటారు. అది సగం ప్రశ్నే. మనం సూది వేయకముందే ఆ ఒంట్లో ఏముంది, ఏది తగ్గిపోతోంది అన్నది మిగతా సగం. హైదరాబాద్‌లో దీన్ని వదిలేసి మందు ఎంచుకోవడం కుదరదు.

కారణం కల్లు. ఇక్కడ కల్తీ కల్లులో ఆల్ప్రజోలామ్, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుస్తాయి. రోజూ తాగే మనిషి నిజానికి రోజూ నిద్రమాత్రలు వేసుకుంటున్నట్టే. నిమజ్జనానికి దుకాణాలు మూసినప్పుడో, చేతిలో డబ్బు లేనప్పుడో ఒకటి రెండు రోజుల్లో వణుకు, కలవరం, ఫిట్స్ మొదలవుతాయి. అదే మనిషి కల్లు కాంపౌండ్ నుంచి నేరుగా వస్తే మత్తు నిండుగా ఉంటుంది. ఇద్దరూ ఒకేలా అరుస్తారు, ఒకేలా తన్నుతారు. మందు మాత్రం తలకిందులు.

కల్లు విడిచినవాడిని గుర్తుపట్టడం అంత కష్టం కాదు. చెమట, చేతుల వణుకు, నాడి 120 పైన, పెద్దవైన కనుపాపలు. తాగి ఉన్నవాడికి మాట ముద్దగా వస్తుంది, కళ్లు పక్కకు తిప్పితే గుడ్లు అదురుతాయి, నిలబెడితే తూలుతాడు. చక్కెర మాత్రం ఇద్దరికీ ముందే చూడాలి. 70 కన్నా తక్కువుంటే గ్లూకోజే మందు. తల వెనక దెబ్బ ఉందేమో ఒకసారి చెయ్యి పెట్టి తడమండి.

ఇప్పుడు మందులు. ఈ రెండింటిలో వేగం మిడజోలామ్‌దే. 2003లో రియోలో 301 మందిపై జరిగిన పోలికలో 20 నిమిషాలకు మిడజోలామ్ తీసుకున్నవాళ్లలో 89 శాతం మంది, హాలోపెరిడాల్–ప్రొమెథజిన్, అంటే ఫెనార్గాన్, జోడీ తీసుకున్నవాళ్లలో 67 శాతం మంది శాంతించారు. కానీ అదే అధ్యయనంలో మిడజోలామ్ వైపు ఒకరికి శ్వాస కుంగింది. మన వెల్లూరులో 2004లో లోరజెపామ్ 4 మిల్లీగ్రాములతో జోడీని పోల్చినప్పుడు జోడీయే త్వరగా శాంతింపజేసింది, ఎక్కువమందిని నిద్రపుచ్చింది.

అందుకే నా మొగ్గు ఇలా: ఏం తాగాడో తెలియదు, లేదా తాగే ఉన్నాడు అంటే జోడీ. విడిచినవాడు, ఫిట్స్ వచ్చినవాడు అంటే మిడజోలామ్ లేదా లోరజెపామ్. విడుపుకి అవే అసలు చికిత్స, హాలోపెరిడాల్ ఒక్కటే ఇస్తే ఫిట్స్ గడప తగ్గుతుంది. జోడీ మోతాదు హాలోపెరిడాల్ 10, ప్రొమెథజిన్ 50 మిల్లీగ్రాములు. అంటే 5 మిల్లీగ్రాముల ఆంపూల్స్ రెండు, ఫెనార్గాన్ 2 మిల్లీలీటర్ల ఆంపూల్ ఒకటి, మొత్తం 4 మిల్లీలీటర్లు, పిరుదు కండలో లోతుగా. వయసు మీదపడ్డవాళ్లకి సగం చాలు. ఫెనార్గాన్ తీసేసి హాలోపెరిడాల్ ఒక్కటే ఇస్తే మెడ, నాలుక మెలితిరగొచ్చు. పడుకోబెట్టాక ఈసీజీ తీసి క్యూటీ చూడండి.

ఓలాంజపిన్ 10 మిల్లీగ్రాములు బాగానే పనిచేస్తుంది, కానీ నాలుగు గంటల్లో మళ్లీ మందు అవసరమయ్యేవాళ్లు ఎక్కువ. పైగా మిడజోలామ్‌తో కలిపి కండలోకి ఇవ్వకూడదు. కెటమిన్ కిలోకి 4 మిల్లీగ్రాములు, 60 కిలోలకు 240. మూడు నాలుగు నిమిషాల్లో ఆగిపోతాడు. స్వరపేటిక బిగిసినా, నోట్లో లాలాజలం నిండినా చేతిలో సక్షన్, గొట్టం వేయగల మనిషి ఉంటేనే.

ఇక అసలు సంగతి, శ్వాస. ఎక్కడ జారిపోతుందో ఒక ఊహా కేసులో చూద్దాం. 60 కిలోల మేస్త్రీ, కల్లు వాసన, చక్కెర 104. మిడజోలామ్ 10 మిల్లీగ్రాములు కండలోకి వెళ్లింది. ఆరో నిమిషంలో ఇంకా తన్నుతున్నాడని ఇంకో 5 ఇచ్చారు. మొదటి తప్పు ఇదే. కండలోని మిడజోలామ్ పూర్తి బలం చూపడానికి అరగంట దాకా పడుతుంది, రెండు మోతాదులూ ఒక దాని మీద ఒకటి ఎక్కుతాయి. ఇరవయ్యో నిమిషానికి గురక. ‘హమ్మయ్య, పడుకున్నాడు’ అని ముక్కు గొట్టంతో 3 లీటర్ల ఆక్సిజన్ పెట్టి అందరూ పక్క మంచానికి వెళ్లారు. వేలికున్న ప్రోబ్ 98 చూపిస్తోంది. చార్టులో శ్వాస 16 అని రాసుంది, లెక్కపెట్టింది ఎవరూ కాదు, పై గడిలోంచి దిగింది.

ఆ 98 ఎందుకు నమ్మకూడదో చిన్న లెక్క. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది, వాయుపీడనం సుమారు 713 మిల్లీమీటర్ల పాదరసం. నీటి ఆవిరి 47 తీసేస్తే 666. మామూలు గాలిలో 21 శాతం అంటే 140. అందులోంచి కార్బన్ డయాక్సైడ్‌ని 0.8తో భాగించి తీసేస్తే ఊపిరితిత్తుల గదుల్లో ఆక్సిజన్ వస్తుంది. కార్బన్ డయాక్సైడ్ 40 ఉంటే అది 90. శ్వాస మందగించి 70కి చేరితే 52, ప్రోబ్ 85 దగ్గరికి పడిపోయి అలారం మోగుతుంది. అదే 30 శాతం ఆక్సిజన్ మీద 70 ఉన్నా 112 మిగులుతుంది, ప్రోబ్ 97 దాటి నవ్వుతూ ఉంటుంది. ఆక్సిజన్ శ్వాసని బాగుచేయలేదు, అలారాన్ని నొక్కిపెట్టింది.

అందుకే ముక్కు దగ్గర కార్బన్ డయాక్సైడ్ కొలిచే కాన్యులా ఉంటే ఆక్సిజన్‌తోపాటు అది తప్పక పెట్టండి. అంకె 50 దాటినా, మొదటిదానికంటే 10 పెరిగినా లేచి వెళ్లాల్సిందే. ఇంకో మోసం కూడా ఉంది: శ్వాస మరీ పైపైన ఉంటే అంకె 25కి తగ్గుతుంది, తెర మీది అల బొడిపెలా చిన్నదవుతుంది. అది మెరుగు కాదు. అల పూర్తిగా పోతే గొట్టం ఊడిందేమో వెతికేముందు ఛాతీ చూడండి.

కాప్నోగ్రాఫ్ లేని వార్డులో, గాలి మీదే 94 ఉన్నవాడికి ఆక్సిజన్ పెట్టకపోవడమే నయం, ప్రోబ్ అప్పుడు నిజం చెబుతుంది. మొదటి అరగంట ఒక నర్సు పక్కనే ఉండాలి. ప్రతి 5 నిమిషాలకు ఛాతీ మీద చెయ్యి పెట్టి పూర్తి 60 సెకన్లు లెక్క, పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరుస్తున్నాడా అన్న పరీక్ష. ఆ తర్వాత గంటసేపు 15 నిమిషాలకోసారి. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, బోర్లా వద్దు, ఛాతీ మీద మోకాలు అసలే వద్దు.

మన మేస్త్రీకి ఆ కాన్యులా పెట్టాక అంకె 62 చూపినప్పుడు గట్టిగా కదిపి, దవడ పైకెత్తితే గురక ఆగింది. నిమిషానికి ఎనిమిదే ఉన్న శ్వాసకు బ్యాగ్ మాస్కుతో ఐదు ఆరు సెకన్లకు ఒకటి చొప్పున సాయం ఇస్తే పది నిమిషాల్లో 48కి దిగింది. ఫ్లూమజెనిల్ ట్రేలో ఉన్నా తీయలేదు. రోజూ కల్లు తాగే ఒంటికి దాన్నిస్తే ఫిట్స్ రావొచ్చు, అప్పుడు వాటిని ఆపాల్సిన మందు పనిచేసే తలుపే మూసుకుని ఉంటుంది.