హాల్లో ఆ ముప్పై శాతం నీలం: ఒక గోడకా, కర్టెన్లకా?

గది రంగుల్లో 60-30-10 లెక్క అంటే అరవై శాతం ప్రధాన రంగు, ముప్పై శాతం రెండో రంగు, పది శాతం మెరుపు కోసం మూడో రంగు. ఇక్కడ అరవై క్రీమ్, ముప్పై నీలం, పది ఆవపసుపు అనుకుందాం. పది సులువే, నాలుగు కుషన్లు చాలు. తేల్చుకోవాల్సింది ముప్పై దగ్గరే.

కొలత: 12×10 అడుగుల గది, పదడుగుల ఎత్తు అయితే గోడలు మొత్తం 440 చదరపు అడుగులు. పొడవాటి గోడ ఒక్కటే 120, అంటే దాదాపు 27 శాతం. రెండు 5×7 కర్టెన్లు కలిపితే 70, అంటే 16 శాతమే. మిగతాది సోఫా కవరో, తివాచీయో నింపాలి.

ఖర్చు: ఒక్క గోడకు రంగు చవక. కర్టెన్లు, సోఫా కవర్లు కలిస్తే ఎక్కువే అవుతుంది.

శ్రమ: రంగుకు సామాను జరపాలి, ఆరే దాకా ఆగాలి. కర్టెన్లు గంటలో మారతాయి.

రిస్క్: షేడ్ కార్డులో నచ్చిన నీలం గోడంతా పరుచుకుంటే ముదురుగా అనిపిస్తుంది. ముందు రెండడుగుల ముక్క వేసి, పగలూ, రాత్రి లైటులోనూ చూడండి. మళ్లీ క్రీమ్‌కు రావాలంటే ప్రైమర్, ఆపైన రెండు మూడు కోట్లు పడతాయి. కర్టెన్లకు పడమటి ఎండే శత్రువు, లైనింగ్ లేకపోతే వెలిసిపోతాయి.

సొంతిల్లు, కిటికీ లేని పొడవాటి గోడ ఉంటే రంగే వేయండి. అద్దె ఇంటికి కర్టెన్లు, సోఫా కవర్లే మేలు.